12 ఎంఎం కంకర, కలిపి 35 దాటిన ఫ్లేకీనెస్, ఎలాంగేషన్: మా క్రషర్‌లో జరిగిన పని

నేను హైదరాబాద్ ఓఆర్ఆర్ బయట పటాన్‌చెరు వైపున్న ఒక క్రషర్‌లో క్వాలిటీ చూస్తా. మా దగ్గర సొంత క్వారీ, బండల్ని మొదట పగలగొట్టే ఒక జా, ఆ ముక్కల్ని నలిపే ఒక కోన్, సైజులు వేరుచేసే మూడు డెక్కుల స్క్రీన్ ఉన్నాయి. 20 ఎంఎం ఎక్కువగా రెడీమిక్స్ వాళ్లకి పోతుంది, 12 ఎంఎం, 6 ఎంఎం తారు ప్లాంట్లకి పోతాయి, డస్ట్ ఎవరికి కావాలంటే వాళ్లకి. ఈ డైరీ అంతా 12 ఎంఎం చిప్స్ గురించే. ఇలాంటి ప్లాంట్లో పనిచేసేవాళ్లకి, కంకర కొనేవాళ్లకి పనికొస్తుందని చేసింది చేసినట్టు రాస్తున్నా.

లోడ్లు వెనక్కి వచ్చిన వారం

ఒక తారు ప్లాంట్ మా 12 ఎంఎం లోడ్లు వెనక్కి పంపింది. ఫ్లేకీనెస్ అంటే పల్చటి రాళ్ల శాతం, ఎలాంగేషన్ అంటే పొడుగు రాళ్ల శాతం, రెండూ కలిపి 41 వచ్చిందని రిపోర్ట్. రోడ్డు పై లేయర్, అంటే బిటుమినస్ కాంక్రీట్‌కి కేంద్ర రోడ్డు రవాణా శాఖ, అంటే మోర్త్ స్పెసిఫికేషన్‌లో ఈ రెండూ కలిపి 35 దాటకూడదు. మామూలు కాంక్రీట్‌కైతే ఐఎస్ 383 (2016)లో 40 దాకా ఒప్పుకుంటారు, అందుకే రెడీమిక్స్ వాళ్ల నుంచి ఎప్పుడూ కంప్లైంట్ రాలేదు. రిపోర్ట్ చూడగానే మా ఓనర్ అన్న మాట, "కొత్త బెంచ్ తీశాం కదా, అక్కడి బండ మెత్తగుందేమో". ఫోర్‌మన్ అన్నకి కూడా అదే అనుమానం. రాయి అంటే గట్టిదనమే అనే ఆలోచన మన ఫీల్డ్‌లో బాగా పాతుకుపోయింది, అందుకే ముందు ఆ సంగతి తేల్చేద్దామని మొదలుపెట్టా.

రాయి గట్టిదనం తేల్చడం

హైదరాబాద్ చుట్టూ ఉన్నది ఎక్కువగా గ్రానైట్, కొంచెం గులాబీ కొంచెం బూడిద రంగు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. మధ్యమధ్యలో నల్లటి డోలరైట్ చారలు కనిపిస్తాయి. ఈ బండతో నిజంగా ప్రాబ్లం వచ్చేది పై పొరల్లోనే. వాన నీళ్లు దిగి దిగి ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారుతుంది, ఆ రాయిని సుత్తితో కొడితే ఖంగుమనకుండా దబ్బుమంటుంది, పగిలిన చోట తెల్లటి పొడి చేతికి అంటుతుంది. అది కంకరలో కలిస్తే ఏ టెస్టూ నిలబడదు. కొత్త బెంచ్‌లో అలాంటిది లేదు. రాయి తాజాగా ఉంది, పగిలిన ముఖం మీద గింజలు మెరుస్తున్నాయి.

అయినా కంటితో చెప్తే ఎవరూ వినరు కాబట్టి ఇంపాక్ట్ టెస్ట్ పెట్టా. ఇది ఐఎస్ 2386 నాలుగో భాగంలో ఉంది. 12.5 ఎంఎం జల్లెడలో దిగి 10 ఎంఎం మీద ఆగిన రాళ్లు తీసుకుని, ఓవెన్‌లో ఆరబెట్టి, చిన్న కొలత డబ్బాలో మూడు పొరలుగా పోసి ఒక్కో పొరకి రాడ్‌తో 25 సార్లు పొడిచి, అంతా స్టీల్ కప్పులోకి మార్చి, 13.5 నుంచి 14 కేజీల సుత్తిని 380 ఎంఎం ఎత్తు నుంచి 15 సార్లు వదలాలి. తర్వాత 2.36 ఎంఎం జల్లెడలో జల్లిస్తే కిందికి దిగిన పొడి మొత్తంలో ఎంత శాతమో అదే ఇంపాక్ట్ వాల్యూ. తక్కువ వస్తే మంచిది.

మాకు 338 గ్రాముల్లో 71 గ్రాములు దిగింది, అంటే 21. బిటుమినస్ కాంక్రీట్‌కి లిమిట్ 24, కాంక్రీట్ రోడ్డు పై పొరకి 30. పాత బెంచ్ రాయికీ ఇంచుమించు ఇదే వచ్చింది. బయటి ల్యాబ్‌కి పంపిన లాస్ ఏంజెలెస్ టెస్ట్ కూడా (ఇనుప గుండ్లతో డ్రమ్‌లో వేసి 500 చుట్లు తిప్పేది) లిమిట్‌కి చాలా లోపలే వచ్చింది. బండలో తేడా లేదు.

కానీ ఇక్కడే ఒక పని చేసి చూద్దామనిపించింది. అదే శాంపిల్‌లోంచి పల్చటి రాళ్లన్నీ ఏరి వేరుగా, మిగతావి వేరుగా పెట్టి రెండిటికీ విడివిడిగా ఇంపాక్ట్ చేశా. మామూలు ఆకారం ఉన్న రాళ్లకి 345 గ్రాముల్లో 62, అంటే 18. పల్చటివాటికి 318 గ్రాముల్లో 89, అంటే 28! ఒకే బండ, ఒకే బ్లాస్ట్, ఆకారం ఒక్కటే తేడా. పల్చటి రాయి మీద దెబ్బ పడితే అది బిస్కెట్‌లాగా మధ్యకి విరుగుతుంది. రెండూ కలిసినప్పుడు 21 దగ్గర సగటు వస్తుంది కాబట్టి రిపోర్ట్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రోడ్డు మీద రోలర్ కింద మాత్రం 28 వచ్చిన ఆ పల్చటి రాళ్లు వాటి లెక్కన అవి విరుగుతూనే ఉంటాయి, విరిగిన చోట తారు అంటని కొత్త ముఖం బయటపడుతుంది, నీళ్లు దిగేది అక్కడినుంచే. ఈ నంబర్లు చూపించాక బండ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గేజ్ మీద కూర్చుని ఏరడం

శాంపిల్ ఎక్కడినుంచి తీశామన్నది చాలా ముఖ్యం. కుప్ప పక్కన నిలబడి పారతో తీస్తే అది శాంపిల్ కాదు, ఎందుకంటే కుప్ప అంచుకి పెద్ద రాళ్లు దొర్లిపోతాయి, సన్నవి మధ్యలో ఉండిపోతాయి. నేను 12 ఎంఎం బెల్ట్‌ని ఆపించి, ఒక మీటర్ పొడవునా ఉన్న మొత్తం మెటీరియల్ని, బెల్ట్‌కి అంటుకున్న డస్ట్‌తో సహా బ్రష్‌తో ఊడ్చి తీశా. తర్వాత నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ తగ్గించుకుంటూ వచ్చా.

ఈ టెస్ట్ వినడానికి సింపుల్, చేయడానికి ఓపిక కావాలి. ముందు శాంపిల్ని జల్లెడల్లో సైజుల వారీగా విడగొట్టాలి, ప్రతి సైజులో కనీసం 200 రాళ్లు లెక్కపెట్టి తీసుకోవాలి. రాయి మందం ఆ సైజు సగటులో 0.6 వంతు కంటే తక్కువైతే అది ఫ్లేకీ. ఉదాహరణకి 16కి 12.5కి మధ్య సైజు తీసుకుంటే సగటు 14.25, దాన్లో 0.6 వంతు 8.55 ఎంఎం, గేజ్‌లో ఆ వెడల్పు సందులోంచి రాయి ఏదో ఒక వైపు తిప్పితే దూరిపోయినా పక్కన పెట్టాలి. దూరనివాటిని పొడవు గేజ్ మీద పెట్టి చూడాలి, సగటుకి 1.8 రెట్ల కంటే పొడుగుంటే ఎలాంగేటెడ్.

మోర్త్ లెక్కలో చాలామంది తప్పుపోయేది ఇక్కడే. ఫ్లేకీనెస్ శాతం మొత్తం బరువు మీద, ఎలాంగేషన్ శాతం మాత్రం ఫ్లేకీ తీసేశాక మిగిలినదాని మీద. రెండూ మొత్తం మీదే తీస్తే నంబర్ తక్కువ వచ్చి పాసైపోయినట్టు కనిపిస్తుంది.

మా లెక్క ఇలా వచ్చింది. మూడు సైజులు కలిపి గేజ్ చేసిన బరువు 1544 గ్రాములు. ఫ్లేకీ 16-12.5లో 184, 12.5-10లో 118, 10-6.3లో 59, మొత్తం 361 గ్రాములు, అంటే 23.4 శాతం. మిగిలిన 1183 గ్రాముల్లో పొడుగు రాళ్లు 213, అంటే 18.0. రెండూ కలిపితే 41.4. తారు ప్లాంట్ రిపోర్ట్ కరెక్టే.

మొత్తం నంబర్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది సైజుల వారీ శాతాలు. పెద్ద సైజులో 20 శాతం ఫ్లేకీ, మధ్యదాన్లో 26, సన్నదాన్లో 34. సైజు తగ్గేకొద్దీ పల్చటివి పెరుగుతున్నాయి. అంటే మా కోన్‌లో సన్న రాళ్లు నలిగి పుట్టట్లేదు, పెద్ద రాళ్ల అంచులు పెచ్చులుగా ఊడి పుడుతున్నాయి.

ఎక్కడ పుడుతున్నాయో వెతకడం

జా తర్వాత బెల్ట్ దగ్గర కొంచెం చూశాం. జా నుంచి వచ్చేదాన్లో పలకల్లాంటివి ఎప్పుడూ ఉంటాయి, అది దాని స్వభావం, వాటిని సరిచేయాల్సింది కోనే. కాబట్టి మనం చూడాల్సింది కోన్‌నే అని ఫోర్‌మన్ అన్నతో చెప్పా. "నువ్వు ఒక పూట మొత్తం కోన్ పక్కన నిలబడు తమ్మీ, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. సరేనని ఒక షిఫ్ట్ అంతా పైన ప్లాట్‌ఫారం మీద నిలబడి గడియారం చూస్తూ రాసుకున్నా.

కనిపించింది ఏంటంటే, కోన్ చాలాసేపు సగం ఖాళీగా తిరుగుతోంది. క్వారీ నుంచి పెద్ద బండ వచ్చి జా నోట్లో ఇరుక్కుంటే బ్రేకర్‌తో కొట్టేదాకా ఫీడ్ ఆగుతుంది, ఆ టైంలో కోన్‌కి రాళ్లు సన్నగా జారుతూనే ఉంటాయి, ఆపరేటర్ బెల్ట్ ఆపడు, ఎందుకంటే బెల్ట్ ఆపితే ప్రొడక్షన్ ఆగినట్టు లెక్క. కోన్ నిండా రాళ్లున్నప్పుడు రాయికి రాయి ఒత్తుకుని నలుగుతుంది, పల్చటి రాయి ఉంటే రెండు రాళ్ల మధ్య పడి అడ్డంగా విరిగి పొట్టిదవుతుంది. ఖాళీగా ఉంటే ఒక్కో రాయి నేరుగా లోపల తిరిగే మాంటిల్‌కీ చుట్టూ ఉండే కాన్కేవ్‌కీ మధ్య పడి చీలుతుంది, చీలితే వచ్చేది పెచ్చే. కోన్ నిండుగా నడపాలని ప్రతి మాన్యువల్‌లోనూ ఉంటుంది, కానీ టన్నుల టార్గెట్ ముందు అది ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి, బెల్ట్ చివర నుంచి రాళ్లు కోన్‌లోకి ఒక పక్కకే పడుతున్నాయి. పెద్దవి దూరంగా ఎగిరి అవతలి గోడకి, సన్నవి ఇవతలకి. ఒక పక్క లైనర్ ఎక్కువ అరిగిపోవడానికి కూడా అదే కారణం.

మూడోది కోన్ గ్యాప్. కోన్ అడుగున మాంటిల్ దగ్గరికొచ్చినప్పుడు ఉండే సన్న గ్యాప్‌ని సీఎస్ఎస్ అంటాం. మా రింగ్ మీది గుర్తు ప్రకారం అది 16 ఉండాలి. నిజంగా ఎంతుందో చూడాలంటే సీసం ముక్కని తీగకి కట్టి, కోన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు లోపలికి వదిలి, అది నలిగాక బయటికి లాగి మందం కొలవాలి. నాలుగు వైపులా వదిలితే 22, 23, 21, 22 వచ్చాయి. లైనర్లు అరుగుతూ పోయాయి, గుర్తు మాత్రం అక్కడే ఉంది. ఈ కొలత చేసేటప్పుడు చేయి తీగ చివరే ఉండాలి, హాపర్ మీదికి వంగకూడదు, పైన బెల్ట్ లాక్ చేసి తాళం జేబులో పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి.

సీఎస్ఎస్ ఎందుకు ముఖ్యమంటే, కోన్ నుంచి వచ్చే మెటీరియల్‌లో ఆకారం బాగుండే సైజు ఆ గ్యాప్‌కి దగ్గరగా ఉండే సైజే. గ్యాప్ 22 ఉంటే 20 ఎంఎం కంకర బాగుంటుంది, 12 ఎంఎం మాత్రం పెద్ద రాళ్లు నలిగేటప్పుడు రాలిన పెచ్చులు. మా 20 ఎంఎం మీద కంప్లైంట్ రాకపోవడానికి, 12 ఎంఎం మీద రావడానికి ఇదీ ఒక కారణం.

మార్పులు, ఒక్కొక్కటిగా

అన్నీ ఒకేసారి మార్చేద్దామని ఓనర్ అన్నాడు. నేను వద్దన్నా, ఏది ఎంత పని చేసిందో తెలియకుండా పోతుంది, రేపు మళ్లీ పెరిగితే ఎక్కడ చూడాలో తెలీదు.

ముందు ఫీడ్. కోన్ ముందున్న హాపర్ నిండేదాకా కోన్‌కి వదలకుండా ఉంచడం, నిండాక వదిలి కోన్‌ని పూర్తిగా నింపి నడపడం, హాపర్ తగ్గితే సన్నగా జార్చకుండా కోన్ బెల్ట్ మొత్తం ఆపేయడం. అంటే తక్కువ గంటలు, కానీ నిండుగా. బెల్ట్ చివర ఇనుప ప్లేట్లతో చిన్న పెట్టె వెల్డ్ చేయించాం, రాళ్లు ముందు దాన్లో పడి వేగం తగ్గి, నేరుగా కోన్ మధ్యలోకి దిగుతాయి. ఆపరేటర్ భాయ్‌కి మొదట్లో ఇది నచ్చలేదు. కరెంట్ మీటర్‌లో ఆంపియర్లు ఊగకుండా నిలకడగా ఉండటం చూశాక తనే ఆ లెవెల్ కాపాడటం మొదలుపెట్టాడు. ఈ ఒక్క మార్పుతో రెండూ కలిపి 36 దగ్గరికి వచ్చింది. సీఎస్ఎస్ ఇంకా ముట్టుకోలేదు. ఖర్చు నాలుగు ఇనుప ప్లేట్లు, ఒక పూట వెల్డింగ్.

తర్వాత సీఎస్ఎస్‌ని సీసం కొలతతోనే 16కి తెచ్చాం. గ్యాప్ తగ్గిస్తే కోన్ మీద లోడ్ పెరుగుతుంది, మరీ తగ్గిస్తే పైన రింగ్ లేచి లేచి కొట్టుకుంటుంది, అది కనిపించిన వెంటనే గ్యాప్ పెంచాలి, లేకపోతే సీటింగ్ పోతుంది. 16 దగ్గర రింగ్ కదల్లేదు. మళ్లీ బెల్ట్ ఆపి శాంపిల్ తీస్తే 1530 గ్రాముల్లో ఫ్లేకీ 239, అంటే 15.6. మిగిలిన 1291లో పొడుగువి 191, అంటే 14.8. కలిపి 30.4.

అదే శాంపిల్ మీద ఇంపాక్ట్ కూడా చేశా, 21 కాస్తా 19కి వచ్చింది. బండ మారలేదు, ఆకారం మారింది.

దీనికి కట్టిన ధర కూడా రాయాలి. గంటకి వచ్చే టన్నులు తగ్గాయి, 20 ఎంఎం వాటా తగ్గి 6 ఎంఎం, డస్ట్ పెరిగాయి. లైనర్లు ఇప్పుడు చుట్టూ సమానంగా అరుగుతున్నాయి, కానీ త్వరగా అరుగుతాయి. ఓనర్ అన్న లెక్క వేసి, వెనక్కి వచ్చిన లోడ్ల డీజిల్, మళ్లీ పంపిన ఖర్చు పక్కన పెట్టి చూసి ఒప్పుకున్నాడు. వీఎస్ఐ కొనమని ఒక మెషీన్ ఏజెంట్ గట్టిగా వెంటపడ్డాడు. వీఎస్ఐ అంటే రోటర్ రాళ్లని విసిరి చుట్టూ ఉన్న రాళ్ల గోడకి కొట్టే మెషీన్, పల్చటి రాయి ఆ దెబ్బకి సగానికి విరుగుతుంది, ఆకారం నిజంగానే చాలా బాగుంటుంది. కానీ డస్ట్ బాగా పెరుగుతుంది, ఎం-శాండ్ కడిగి అమ్మే ఏర్పాటు ఉంటేనే లాభం, మాకు అది లేదు. 35 లిమిట్‌కి 30 వస్తుంటే నా ఉద్దేశంలో ఇప్పటికి కోన్ చాలు.

డస్ట్ తెచ్చిన రెండో తలనొప్పి

ఆకారం సరైంది కదా అని లోడ్ పంపాక తారు ప్లాంట్ ఇంజినీర్ ఫోన్ చేసి, "చిప్స్ మీద పొడి ఎక్కువుంది సార్, స్ట్రిప్పింగ్ చూసుకోండి" అన్నాడు. స్ట్రిప్పింగ్ అంటే నీళ్లకి తారు రాయి నుంచి ఊడిపోవడం, ఆయన చెప్పింది నిజమే. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, దానికి తారు కంటే నీళ్లంటేనే ఇష్టం. మధ్యలో డస్ట్ పొర ఉంటే తారు అంటుకునేది డస్ట్‌కి, రాయికి కాదు. అదే డోలరైట్‌కైతే తారు చాలా గట్టిగా పట్టుకుంటుంది, మా క్వారీలో ఆ నల్ల చార సన్నగానే ఉంది కాబట్టి దాని మీద ఆధారపడలేం.

ఐఎస్ 6241 ప్రకారం 200 గ్రాముల చిప్స్‌కి 5 శాతం తారు కలిపి, 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచి, ఎంత భాగం తారు నిలిచిందో కంటితో అంచనా వేయాలి. మోర్త్‌కి 95 శాతం నిలవాలి. కడిగి ఆరబెట్టిన చిప్స్‌కి 95 దాటి నిలిచింది. బెల్ట్ మీదనుంచి తీసినవి తీసినట్టు పెడితే మూలల్లో గోధుమరంగు రాయి స్పష్టంగా బయటపడింది, 90 అని కూడా రాయడానికి నాకు మనసొప్పలేదు.

కారణం స్క్రీన్‌లో దొరికింది. కింది డెక్ జాలీకి తడి డస్ట్ అతుక్కుని సగం రంధ్రాలు మూసుకుపోయాయి, దిగాల్సిన పొడి చిప్స్‌తో పాటే బయటికి వెళ్తోంది. సీఎస్ఎస్ తగ్గించాక డస్ట్ పెరిగింది కాబట్టి ఇది ఇంకా ముందే చూడాల్సిన చోటు. జాలీ మార్చాం, కోన్ దగ్గర నీళ్ల స్ప్రే తగ్గించి కవర్లు బిగించాం, దుమ్ము గాల్లోకి లేవకుండా ఉండాలి కానీ జాలీ తడవకూడదు. ఇప్పుడు బెల్ట్ శాంపిల్‌కే 95 నిలుస్తోంది. తారు ప్లాంట్ వాళ్లు వాళ్ల వైపునుంచి మిక్స్‌లో సున్నం కూడా కలుపుతున్నారు, గ్రానైట్ వాడే చోట అది మంచి అలవాటు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

ఫ్లేకీనెస్ ఇప్పుడు వారానికోసారి బెల్ట్ శాంపిల్‌తో, అదీ సైజుల వారీగా రాస్తున్నాం. 10-6.3 సైజులో ఫ్లేకీ 25 దాటిందంటే మొత్తం ఇంకా 35 లోపలే ఉన్నా సరే సీసం వేసి సీఎస్ఎస్ చూస్తాం, ఎందుకంటే అరుగుదల ముందు కనిపించేది ఆ సన్న సైజులోనే. ఇంపాక్ట్ మాత్రం బెంచ్ మారినప్పుడే చేస్తున్నాం, బండ మారనప్పుడు అది కొత్తగా చెప్పేదేం లేదు. వానాకాలంలో జాలీ చెక్ రోజూ పొద్దున స్టార్ట్ చేసే ముందే. కాన్కేవ్ మార్చే టైం దగ్గర పడింది, కొత్తది బిగించాక మొదటి సీసం కొలత, మొదటి శాంపిల్ అదే రోజు తీయాలని ఫోర్‌మన్ అన్న గోడ మీద చాక్‌పీస్‌తో రాసి పెట్టాడు.